సాగు భూమి తనఖా: బ్యాంకుకు లీగల్ ఒపీనియన్ ఎట్లా రాయాలి

(నల్లగొండలో జూనియర్ న్యాయవాదుల కోసం ఒక సీనియర్ ప్యానెల్ అడ్వకేట్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలున్నాయి. ఇవాళ నేను ఒకే ఒక్క విషయం చెప్తాను. బ్యాంకు మన దగ్గరికి ఫైలు పంపినప్పుడు చివర ఒక ప్రశ్న ఉంటుంది: ఈ భూమి మీద తనఖా తీసుకుంటే అది చెల్లుతుందా, అమలు చేయొచ్చా? దాని కిందే ఇంకో గడి ఉంటుంది, సర్ఫేసి చట్టం వర్తిస్తుందా అని. మనలో చాలామంది ఏం రాస్తున్నారు? పైదానికి అవును, కిందిదానికి అవును. సంతకం, స్టాంపు, అయిపోయింది. ఇంటి స్థలానికి, ఫ్లాటుకు అట్లా రాస్తే చాలావరకు నడుస్తది. వ్యవసాయ భూమికి నడవదు. ఎందుకు నడవదో ఒక ఫైలు ముందేసుకుని చూద్దాం.

ముందు చట్టం. సర్ఫేసి చట్టం 2002 ది. కోర్టుకు పోకుండా బ్యాంకే నోటీసిచ్చి, ఆస్తి స్వాధీనం చేసుకుని, వేలం వేసుకునే అధికారం దాంతో వచ్చింది. 13(2) కింద 60 రోజుల నోటీసు, కట్టకపోతే 13(4) కింద స్వాధీనం. బ్యాంకులకు ఇంత ఇష్టమైన దారి ఇంకోటి లేదు. కానీ అదే చట్టంలో 31వ సెక్షన్ ఉంది, ఈ చట్టం వేటికి వర్తించదో చెప్పే సెక్షన్. అందులో (ఐ) క్లాజు ఒక్క లైనే. వ్యవసాయ భూమి మీద సృష్టించిన సెక్యూరిటీకి ఈ చట్టం వర్తించదు. అంతే. వ్యవసాయ భూమి అంటే ఏంటో ఆ చట్టంలో ఎక్కడా చెప్పలేదు. మన తలనొప్పి అంతా అక్కడ్నుంచే.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. 31(ఐ) తగిలితే తనఖా చెల్లకుండా పోదు. తనఖా ఆస్తి బదిలీ చట్టం కింద పుట్టింది, అది అట్లనే ఉంటుంది. పోయేది ఆ ఒక్క దారి. బాకీ 20 లక్షల లోపైతే బ్యాంకు సివిల్ కోర్టులో సీపీసీ 34వ ఆర్డర్ కింద తనఖా దావా వేసుకోవచ్చు, 20 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే హైదరాబాద్‌లో డీఆర్‌టీకి పోయి ఓఏ వేసుకోవచ్చు, రికవరీ సర్టిఫికెట్ తెచ్చుకుని రికవరీ ఆఫీసర్ ద్వారా అదే భూమిని అమ్మించుకోవచ్చు. 31వ సెక్షన్ అడ్డం పడేది సర్ఫేసికి మాత్రమే, డీఆర్‌టీలో వేసే ఓఏకు కాదు. కాబట్టి అమలు చేయొచ్చా అని అడిగితే, ఏ దారిలో అని మనమే తిరిగి అడగాలి, మనమే జవాబు రాయాలి. బ్యాంకు మేనేజర్‌కు కావాల్సింది కూడా అదే. రేపు అప్పు ఎన్‌పీఏ అయితే నాలుగైదు నెలల్లో వేలం దాకా పోవచ్చా, లేక ఏళ్లు పడుతుందా? ఆ తేడా తెలిస్తే అతను అప్పు మొత్తం తగ్గిస్తాడో, ఇంకో సెక్యూరిటీ అడుగుతాడో తేల్చుకుంటాడు. ఆ తేడా చెప్పని ఒపీనియన్ అతనికి ఎందుకు?

సరే, వ్యవసాయ భూమి అని ఎట్లా తేలుస్తారు? పాస్‌బుక్‌లో ఉంటే వ్యవసాయ భూమేనా? సుప్రీంకోర్టు కాదంది. 2018లో ఇండియన్ బ్యాంక్ వర్సెస్ పప్పిరెడ్డియార్ అని తమిళనాడు నుంచి వెళ్లిన కేసు. రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమి అని రాసి ఉన్నంత మాత్రాన అదే ఆఖరి మాట కాదు, భూమి స్వభావం ఏంటి, సెక్యూరిటీ ఇచ్చిన రోజున దాన్ని దేనికి వాడుతున్నారు, దేనికోసం పెట్టుకున్నారు, ఇవి చూసి వాస్తవంగా తేల్చాలి అని చెప్పారు. అదే ఏడాది బ్లూ కోస్ట్ హోటల్స్ కేసు, గోవాది. అక్కడ హోటల్‌తో కలిపి ఒకే యూనిట్‌గా తనఖా పెట్టిన భూమిలో కొంత ముక్కను పట్టుకుని ఇది వ్యవసాయ భూమి అంటే కోర్టు ఒప్పుకోలేదు. మూడోది మన తెలంగాణ కేసే, 2023 జనవరిలో వచ్చింది, కె. శ్రీధర్ వర్సెస్ రౌస్ కన్‌స్ట్రక్షన్స్. మన హైకోర్టు పహాణీలు, పాస్‌బుక్‌లు చూసి వేలాన్ని కొట్టేస్తే, సుప్రీంకోర్టు దాన్ని తిప్పింది. ఆ రోజున నిజంగా సాగులో ఉందని చూపించాల్సిన భారం అప్పు తీసుకున్నవాడి మీదే ఉంది, ఉత్త పహాణీ చాలదు అంది.

ఈ మూడోది చదివి మన ప్యానెల్ మిత్రులు కొందరు సంబరపడ్డారు. భారం అవతలివాడి మీద ఉంది కదా, ఇక సర్ఫేసి వర్తిస్తుంది అని కళ్లు మూసుకుని రాసేయొచ్చు అని. తప్పండీ! భారం అతని మీద ఉందంటే అతను రుజువు చేయలేడని కాదు. నిజంగా తోట ఉంటే రుజువు చేయడానికి ఎంతసేపు? ఆ తీర్పు ఎవరికి పనికొస్తుంది? సాగులో లేని భూమికి పాస్‌బుక్ అడ్డం పెట్టేవాడి మీద పనికొస్తుంది. సాగులో ఉన్న భూమి మీద పనికిరాదు.

ఇప్పుడు ఫైలు. మన జిల్లాలో రోజూ చూసే రకమే తీసుకుంటా. మిర్యాలగూడ వైపు ఒకతను రైస్ మిల్లు నడుపుతుండు, మిల్లుకు సీసీ లిమిట్ కావాలి, 85 లక్షలు అనుకుందాం. మిల్లు లీజు స్థలంలో ఉంది, కాబట్టి కొలేటరల్‌గా తన ఊళ్లో భూమి పెడుతున్నాడు. ఒకే సర్వే నంబరులో 4 ఎకరాల 20 గుంటలు. బ్యాంకు ఫైల్లో పాస్‌బుక్ కాపీ, ఈసీ, వాల్యుయేషన్ రిపోర్టు పెట్టింది. వాల్యూయర్ మొత్తానికి కలిపి ఒకే రేటు కట్టాడు. మనం టేబుల్ దగ్గరే కూర్చుని ఒపీనియన్ రాస్తే ఇది ఒకే భూమి. పోయి చూస్తే రెండు భూములు. 3 ఎకరాలు కాపు మీదున్న బత్తాయి తోట, బోరు, డ్రిప్పు. రోడ్డు వైపు మిగతా ఎకరం 20 గుంటల్లో గోడౌన్, వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం, లారీలు తిరిగే జాగా.

పోయి చూడటం మన పని కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. తనఖా రోజున భూమి ఎట్లుంది అన్నదే చట్టం అడుగుతుంటే చూడకుండా ఎట్లా రాస్తాం? పోవడం కుదరకపోతే వాల్యూయర్‌తో తేదీ వేసిన ఫోటోలు, స్కెచ్ తెప్పించుకోండి, ఏ ముక్క ఎంతో గుంటల్లో రాయించండి. ఇంకా కొన్ని కాగితాలు మాట్లాడతాయి. కరెంటు కనెక్షన్ ఏ క్యాటగిరీ? బత్తాయి తోట బోరుకు ఎల్‌టీ-5, అంటే వ్యవసాయ కనెక్షన్ ఉంటుంది. గోడౌన్‌కు కమర్షియల్ మీటరు ఉంటుంది. గోడౌన్‌కు గ్రామ పంచాయతీ పన్ను కడుతున్నాడా? రైతుబంధు, ఇప్పుడు రైతుభరోసా, ఎన్ని ఎకరాలకు పడుతోంది? 4 ఎకరాల 20 గుంటలకూ పడుతుంటే రేపు గోడౌన్ ముక్క కూడా సాగు భూమే అని అతను వాదించడానికి ఒక కాగితం దొరికినట్టే. పహాణీ కూడా తీయండి, కానీ ఒక సంగతి చూసుకోండి, ధరణి వచ్చాక అనుభవదారు కాలమ్ తీసేశారు, కాబట్టి ఎవరు సాగు చేస్తున్నారో తెలియాలంటే అంతకుముందు పహాణీలు, ముఖ్యంగా 2017-18 వరకు ఉన్నవి తహసీల్ ఆఫీసు నుంచి తెప్పించాల్సిందే.

ఇప్పుడు ఈ ఫైలుకు ఏం రాస్తాం? ఒక్క మాటలో అవును రాయలేం, కాదు రాయలేం. రెండు షెడ్యూళ్లు చేయండి. ఏ షెడ్యూలు 3 ఎకరాల తోట, బీ షెడ్యూలు ఎకరం 20 గుంటల గోడౌన్ జాగా, దేనికి దానికి నాలుగు హద్దులు, స్కెచ్. మనం ఒపీనియన్ ఇంగ్లీషులో రాస్తాం, కానీ భావం ఇట్లా ఉండాలి: "ఏ షెడ్యూలు భూమి ఈ తేదీ నాటికి బత్తాయి తోటగా సాగులో ఉంది. దీని మీద తనఖా చెల్లుతుంది, కానీ సర్ఫేసి చట్టం 31(ఐ) వల్ల ఆ చట్టం కింద చర్య తీసుకోరాదు, బాకీని బట్టి డీఆర్‌టీ ద్వారా లేదా దావా ద్వారా మాత్రమే అమలు చేయవచ్చు. బీ షెడ్యూలు భూమి రికార్డులో వ్యవసాయ భూమిగా ఉన్నా వాస్తవంగా గోడౌన్‌గా వాడుకలో ఉంది, కింద చెప్పిన షరతులు పూర్తయితే సర్ఫేసి కింద చర్యకు వీలుంటుంది." దీన్ని ఇంతకంటే చిన్నగా రాయొద్దు. మేనేజర్‌కు దీంతోనే అర్థమైపోతుంది, 85 లక్షలకు త్వరగా చేతికొచ్చే సెక్యూరిటీ ఎకరం 20 గుంటలే అని.

షరతులు ఏంటంటే, మొదటిది నాలా. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చుకోవడానికి 2006 చట్టం ఉంది గదా, గోడౌన్ కట్టాడు గానీ నాలా కట్టలేదు. జరిమానాతో సహా కట్టించి, ఆ ఎకరం 20 గుంటలకు ఆర్డర్ తెప్పించి, ఆ తర్వాతే తనఖా తీసుకోమని రాయండి. ఆర్డర్ ముందు, తనఖా తర్వాత. ఈ వరస తప్పితే మళ్లీ తనఖా రోజు దగ్గరికి వచ్చి ఇరుక్కుంటాం. రెండోది, ఆ ముక్కకు సర్వే చేయించి, హద్దు రాళ్లు పాతించి, వేరుగా గుర్తుపట్టేట్టు చేయడం. వేలంలో కొన్నవాడు వచ్చి ఏది నా ఎకరం 20 గుంటలు అంటే చూపించగలగాలి.

బ్లూ కోస్ట్ తీర్పు ఉంది కదా, మొత్తం కలిపి ఒకే యూనిట్ అనొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడ భూమి హోటల్ కోసమే పెట్టుకున్నది. ఇక్కడ బత్తాయి తోటకు, రైస్ మిల్లుకు సంబంధం ఏంటి? ఓనరు ఒకడే కావడం తప్ప ఏం లేదు. ఆ తీర్పును ఇక్కడ లాగి రాస్తే డీఆర్‌టీలో నిలబడదు.

ఇంకోటి, దీన్ని నేను చాలా సీరియస్‌గా చెప్తున్నా. కొన్ని చోట్ల అప్పు కాగితాలతో పాటు ఒక డిక్లరేషన్ మీద సంతకం తీసుకుంటున్నారు, "ఈ భూమి వ్యవసాయ భూమి కాదు" అని. భూమిలో చెట్లు కాయలతో వంగి ఉంటాయి, కాగితం మీద వ్యవసాయ భూమి కాదు అని ఉంటుంది. అది నిజమైనచోట తీసుకోండి, బీ షెడ్యూలుకు తీసుకోండి, చాలా పనికొస్తుంది. తోటకు తీసుకోవద్దు. అబద్ధపు డిక్లరేషన్ వల్ల తోట గోడౌన్ అయిపోదు, పైగా బ్యాంకుకు అన్నీ తెలిసే రాయించిందని అవతలి లాయర్ ఆ కాగితాన్నే పట్టుకుంటాడు. రైతు కూడా ఏం సంతకం పెడుతున్నాడో తెలియకుండా పెడతాడు. మన ఒపీనియన్ అట్లాంటి దానికి దారి చూపించకూడదు.

ఇప్పుడు టైటిల్ దగ్గరికి వద్దాం. పాత కథంతా చెప్పను, మీకు తెలిసిందే. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టండి, అందులో రక్షిత కౌలుదారు పేరు ఉందేమో చూడండి, ఉంటే 1950 కౌలుదారీ చట్టం 38-ఇ కింద సర్టిఫికెట్ ఎవరికైనా వచ్చిందా అడగండి. అది వచ్చి ఉంటే పట్టాదారు అని రాసుకున్నతని దగ్గర ఏమీ మిగల్లేదన్నట్టే. లావణి పట్టా భూమి అయితే 1977 అసైన్డ్ చట్టం, 22-ఏ జాబితా రెండూ చూడండి, దానికి వేరే పేరా పెట్టండి. ఈసీ రెండు చోట్ల తీయండి, ఇది మర్చిపోతున్నారు. 2020 నవంబరు దాకా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఆ తర్వాత వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గరికి పోయింది, మొదట ధరణిలో, 2025 ఏప్రిల్ నుంచి భూభారతిలో. ఒక్కచోట ఈసీ తీసి నిల్ అని రాస్తే సగమే చూసినట్టు.

మన ఫైల్లో అసలు చిక్కు ఇవేవీ కాదు. భూమి ఈ మిల్లు అతని తండ్రిది. తండ్రి 2009లో వీలునామా లేకుండా చనిపోయాడు. పౌతి చేసి భూమి కొడుకు పేరు మీదికి వచ్చింది, 2018లో కొత్త పాస్‌బుక్ కూడా అతని ఒక్కడి పేరు మీదే వచ్చింది. అతనికి తల్లి ఉంది, ఇద్దరు అక్కలున్నారు, పెళ్లిళ్లై ఒకరు దేవరకొండ, ఒకరు కోదాడ. అక్కల సంగతి అడిగితే ఏమంటాడు? "వాళ్లకు పెళ్లప్పుడే ఇచ్చినం సార్" అంటాడు. ఎంతమంది నోట విన్నాం ఈ మాట! కట్నం ఇచ్చినందువల్ల హిందూ వారసత్వ చట్టం కింద వాటా పోదు. భూమి తండ్రి స్వార్జితమైతే తల్లి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు నలుగురూ సమానం. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత కూతుళ్లు పుట్టుకతోనే వాటాదారులు, 2020లో వినీతా శర్మ తీర్పుతో దానిమీద ఉన్న అనుమానం కూడా పోయింది. ఎట్లా చూసినా ఈ కొడుకు ఒక్కడే సంతకం పెడితే తనఖా అతని వాటా మేరకే కట్టుబడుతుంది.

పాస్‌బుక్ ఉంది కదా అంటారు. రెవెన్యూ ఎంట్రీతో హక్కు పుట్టదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పౌతి చేసేటప్పుడు అక్కలకు నోటీసు పోయిందా, వాళ్లు ఒప్పుకుంటూ వాంగ్మూలం ఇచ్చారా, తహసీల్ ఆఫీసు ఫైలు తెప్పించి చూడండి. ఉన్నా సరే, రిజిస్టరైన కాగితం లేకుండా వాటా వదులుకున్నట్టు కాదు. కాబట్టి ఒపీనియన్‌లో రెండు దారులు ఇవ్వండి: తల్లి, అక్కలు ముగ్గురూ రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాసిస్తారా, లేక ముగ్గురూ తనఖాలో తామూ తనఖా పెట్టేవాళ్లుగా సంతకం పెడతారా. నేనైతే రెండోదే మేలంటాను. రిలీజ్ డీడ్ అంటే ఆ ఆడబిడ్డలు శాశ్వతంగా వాటా వదులుకోవడం, తమ్ముడి సీసీ లిమిట్ కోసం అంత అడగడం న్యాయం కాదు. సంతకం పెట్టే ముందు వాళ్లకు విషయం తెలుగులో చదివి వినిపించాలని కూడా రాయండి, రేపు మాకు తెలియదు అనే వాదన రాదు, నిజంగా తెలియకుండా పెట్టడమూ జరగదు.

తనఖా ఏ రూపంలో తీసుకోవాలి? బ్యాంకులకు టైటిల్ డీడ్స్ డిపాజిట్ అలవాటు. కానీ ఈ ఫైల్లో డిపాజిట్ చేయడానికి టైటిల్ డీడ్ ఏది? వారసత్వంగా వచ్చిన భూమి, సేల్ డీడే లేదు, ఉన్నది పాస్‌బుక్ ఒక్కటే. దాన్ని బ్యాంకు లాకర్లో పెట్టుకుని తనఖా అయిపోయిందనుకుంటే చాలా బలహీనమైన తనఖా. ఇట్లాంటి చోట రిజిస్టర్డ్ సింపుల్ మార్టిగేజ్ తీసుకోమని రాయండి, భూభారతిలో తహసీల్దార్ దగ్గర అవుతుంది, రికార్డులో కూడా కనబడుతుంది. స్టాంపు ఖర్చు ఎక్కువ అవుతుందని బ్యాంకు వాళ్లు గునుస్తారు, ఎందుకు అడుగుతున్నామో ఒక వాక్యం రాస్తే ఒప్పుకుంటారు. సేల్ డీడ్ ఉన్న ఫైళ్లలో డిపాజిట్‌కు పోవచ్చు, కానీ 58(ఎఫ్) ప్రకారం డిపాజిట్ చేసే పట్టణం నోటిఫై అయి ఉండాలి. భూమి ఎక్కడున్నా ఫర్వాలేదు, కాగితాలు అప్పజెప్పే ఊరు ముఖ్యం. ఏ బ్రాంచిలో డిపాజిట్ జరుగుతుందో అడిగి, ఆ పట్టణం నోటిఫికేషన్‌లో ఉందో లేదో చూసి రాయండి.

ఒక తమ్ముడు చేయెత్తాడు. అడుగు.

"అన్నా, తనఖా రోజున బత్తాయి తోట ఉంది, మూడేళ్ల తర్వాత చెట్లు కొట్టేసి ప్లాట్లు చేశాడు. అప్పుడు సర్ఫేసికి పోవచ్చా?"

మంచి ప్రశ్న, ఇది మన దగ్గర హైవే పక్కన రోజూ జరుగుతుంది. తీర్పులు చూసేది సెక్యూరిటీ సృష్టించిన రోజు. ఆ రోజున తోట ఉంటే తర్వాత ప్లాట్లయినా పాత తనఖా మీద 31(ఐ) వాదన బతికే ఉంటుంది, వాదించి గెలవొచ్చేమో గానీ ఒపీనియన్‌లో భరోసా ఇవ్వలేం. సురక్షితమైన దారి ఏంటంటే, లిమిట్ రెన్యువల్ చేసేటప్పుడో, పెంచేటప్పుడో బ్యాంకు మళ్లీ మన దగ్గరికి పంపుతుంది. అప్పుడు నాలా ఆర్డర్ అయ్యిందో లేదో చూసి, అప్పటి వాస్తవం రాసి, కొత్తగా తనఖా తీసుకోమని చెప్పాలి. రెన్యువల్ ఒపీనియన్ అంటే పాతదానికి తేదీ మార్చి పంపేది కాదు. తిరగేసి కూడా చూడు, తనఖా రోజున ఖాళీ గోడౌన్ జాగా, తర్వాత బాకీ పడ్డాక నాలుగు బత్తాయి మొక్కలు నాటి ఇది తోట అంటాడు. అప్పుడు శ్రీధర్ కేసు బ్యాంకు చేతిలో గట్టిగా పనిచేస్తుంది, మన ఒపీనియన్‌కు జతచేసిన ఆ రోజు ఫోటోలే సాక్ష్యం.

చెల్లెమ్మ ఏదో అంటోంది. లిమిటేషనా? తనఖా ఆస్తి మీద డబ్బు రాబట్టుకోవడానికి 62వ ఆర్టికల్ కింద 12 ఏళ్లు, డబ్బు కట్టాల్సిన రోజు నుంచి. మనిషి మీద వ్యక్తిగతంగా వసూలుకు మామూలుగా 3 ఏళ్లే. కొన్ని బ్యాంకులు తోట మీద సర్ఫేసి నోటీసిచ్చి, అది కొట్టేసేదాకా చూసి, అప్పుడు ఓఏకు వస్తాయి. ఆలోగా మూడేళ్లు దాటిపోతాయి. అందుకే ఏ షెడ్యూలు పేరాలో, బాకీ పడగానే డీఆర్‌టీకి పోవాలని, సర్ఫేసి కోసం ఎదురుచూడొద్దని ఒక వాక్యం ముందే రాసిపెట్టండి.

చివరగా, మేనేజర్ ఫోన్ చేసి, "సార్, ఆ సర్ఫేసి గడిలో రెండూ కలిపి అవును అని పెట్టండి, పైన సాంక్షన్ ఆగిపోతోంది" అంటే ఏం చేస్తారు? గడిలో "బీ షెడ్యూలుకు మాత్రమే, పేరా ఫలానా చూడండి" అని రాయండి, దాన్ని మార్చొద్దు. కొలేటరల్ తక్కువ పడితే మిల్లు యంత్రాల మీద, స్టాకు మీద హైపోథికేషన్ ఉంది, ఇంకో ఇల్లు ఉందేమో అడగమనండి, అది అతని పని. మన పేజీలో భూమి ఆ రోజున ఎట్లా ఉందో అట్లానే ఉండాలి. ఇంకేమైనా ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం, ఖాస్రా పహాణీ కాపీలు కొన్ని తెచ్చాను, ఏ కాలమ్‌లో ఏముంటుందో దగ్గరగా చూపిస్తాను, రండి.